జీతం తగ్గింది, ఈఎంఐ తగ్గలేదు: బ్యాంకుకు రాసే లేఖలో ఏం అడగాలి?

ఉద్యోగం పోయినా, తక్కువ జీతానికి కొత్త ఉద్యోగం దొరికినా ఇంటి అప్పు ఉన్నవాళ్లకు ముందు గుర్తొచ్చేది వచ్చే నెల ఈఎంఐ. అప్పుడు బ్యాంకుకు లేఖ రాస్తారు. ఆ లేఖల్లో చాలావాటిలో కష్టం వివరంగా ఉంటుంది కానీ కోరిక మాత్రం "దయచేసి సహాయం చేయగలరు" దగ్గరే ఆగిపోతుంది. లోన్ సెక్షన్‌లో ఆ కాగితం చదివే ఉద్యోగికి సానుభూతి ఉన్నా, పై అధికారికి పంపే నోట్‌లో రాయడానికి ఒక అంకె కావాలి. ఎన్ని నెలలు, ఎంత వాయిదా, ఆ వాయిదా కట్టగలరని రుజువేమిటి అన్నవి లేఖలోనే ఉంటే అది ముందుకు కదులుతుంది.

అయితే ఆ అంకె రాసేముందు అసలు గడువు పెంచమని అడగాలా, కొన్నాళ్లు వడ్డీ మాత్రమే కడతాననాలా, కొన్ని నెలలు ఏమీ కట్టననాలా, లేక అప్పును వేరే బ్యాంకుకు మార్చుకోవాలా అన్నది తేల్చుకోవాలి. ఒక కుటుంబం లెక్కతో వీటిని పోల్చి చూద్దాం.

లెక్క కోసం ఒక కుటుంబం

విజయవాడలో ఉండే దంపతులు అనుకుందాం. ఆయనకు 43 ఏళ్లు. ప్రైవేటు కంపెనీలో చేతికి 68,000 రూపాయలు వచ్చేవి. ఆ ఉద్యోగం పోయి, ఇప్పుడు 44,000 జీతానికి మరో చోట చేరారు. ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచరు, జీతం 18,000. ఇంటి రాబడి 86,000 నుంచి 62,000కు పడింది. గృహరుణంలో ఇంకా కట్టాల్సిన అసలు 24,00,000. వడ్డీ ఫ్లోటింగ్, ప్రస్తుతం 9 శాతం. మిగిలిన గడువు 10 ఏళ్లు, ఈఎంఐ 30,402. ఇప్పటిదాకా ఒక్క వాయిదా కూడా బౌన్స్ కాలేదు. ఈ చివరి సంగతి వాళ్ల చేతిలో ఉన్న పెద్ద బలం.

ముందు చూసుకోవాల్సినవి

మొదటిది, నెలకు నిజంగా ఎంత కట్టగలరు. బ్యాంకు ఎంతకు ఒప్పుకుంటుందన్న ప్రశ్న దాని తర్వాతే. ఈ ఇంట్లో కిరాణా, కరెంటు, పెద్దావిడ మందులు, ప్రయాణాలు కలిపి నెలకు 33,000 అవుతోంది. స్కూల్ ఫీజు, బీమా ప్రీమియం లాంటి ఏడాది ఖర్చులను నెలలకు పంచితే ఇంకో 3,000. 62,000లో ఈ 36,000 తీసేస్తే 26,000 మిగులుతుంది. అత్యవసరానికి కనీసం 1,500 పక్కన పెట్టాలి. కాబట్టి వీళ్ల అంకె 24,500. చాలామంది ఏడాది ఖర్చులను మరిచిపోయి ఎక్కువ అంకె రాసేస్తారు. జూన్‌లో ఫీజులు కట్టాల్సి వచ్చేసరికి కొత్త ఈఎంఐ కూడా బౌన్స్ అవుతుంది. గడువు పెంచిన తర్వాత బౌన్స్ అయితే రెండోసారి అడగడం చాలా కష్టం.

రెండోది, అప్పు తీరేసరికి కట్టే మొత్తం వడ్డీ. మూడోది, సిబిల్ రిపోర్టులో ఈ మార్పు ఎలా కనిపిస్తుంది. నాలుగోది, వయసు. జీతగాళ్ల గృహరుణం సాధారణంగా ఉద్యోగ విరమణ నాటికి తీరేలా చూస్తారు కాబట్టి, 43 ఏళ్ల మనిషికి 15 ఏళ్ల గడువు సులభంగా సరిపోతుంది. 20 ఏళ్లంటే 63 దాకా వెళ్తుంది. అప్పుడు ఆ తర్వాతి రాబడి ఎక్కడిదన్న ప్రశ్న వస్తుంది.

మొదటి దారి: గడువు పెంచమనడం

వడ్డీ 9 శాతమే ఉంటుందనుకుని, 24 లక్షల అసలుకు లెక్క ఇలా వస్తుంది:

| గడువు | ఈఎంఐ | మొత్తం వడ్డీ (సుమారు) | ఇప్పటికంటే ఎక్కువయ్యే వడ్డీ |
|---|---|---|---|
| 10 ఏళ్లు (ఇప్పుడున్నది) | 30,402 | 12.48 లక్షలు | – |
| 13 ఏళ్లు | 26,152 | 16.80 లక్షలు | 4.31 లక్షలు |
| 15 ఏళ్లు | 24,342 | 19.82 లక్షలు | 7.33 లక్షలు |
| 20 ఏళ్లు | 21,593 | 27.82 లక్షలు | 15.34 లక్షలు |

ఈ లెక్క మీరే చేసుకోవచ్చు. ఎక్సెల్‌లో గానీ గూగుల్ షీట్‌లో గానీ ఇది టైప్ చేస్తే 15 ఏళ్ల ఈఎంఐ వస్తుంది. వడ్డీ, నెలలు, అసలు మీవి పెట్టుకోండి.

```
=PMT(0.09/12,180,-2400000)
```

పట్టికలో ఈఎంఐ ఎంత తగ్గుతోందో, దానికి ఎంత వడ్డీ పెరుగుతోందో పక్కపక్కన పెట్టి చూడండి. 10 ఏళ్ల నుంచి 15కు వెళ్తే నెలకు 6,060 మిగులుతుంది. 15 నుంచి 20కి వెళ్తే మిగిలేది ఇంకో 2,749 మాత్రమే, కానీ దానికి అదనంగా 8 లక్షల వడ్డీ పడుతుంది. గడువు పొడిగే కొద్దీ ఈఎంఐలో దాదాపు అంతా వడ్డీయే అవుతుంది. 24 లక్షల మీద నెల వడ్డీయే 18,000 కాబట్టి ఈఎంఐ అంతకంటే కిందికి దిగే వీలు లేదు. ఎన్నేళ్లు పెంచినా ఆ 18,000కు కాస్త దగ్గరవుతుంది, అంతే. అందుకే "ఎంత ఎక్కువ గడువిస్తే అంత మంచిది" అనే ఆలోచన ఖరీదైనది. చేతిలోని అంకెకు సరిపోయే అతి తక్కువ గడువు అడగాలి. ఈ కుటుంబానికి 13 ఏళ్లు చాలవు, 20 అక్కర్లేదు. 15 ఏళ్లకు వచ్చే 24,342 సరిగ్గా 24,500 లోపు ఉంది.

7.33 లక్షల అదనపు వడ్డీ అంటే భయం వేస్తుంది. కానీ అది 15 ఏళ్లూ అదే ఈఎంఐ కడితే అయ్యే మొత్తం. ఆయన జీతం రెండేళ్లలో కోలుకుని, 25వ నెల నుంచి మళ్లీ 30,402 కట్టడం మొదలుపెట్టారనుకోండి. రెండేళ్ల తర్వాత అసలు సుమారు 22.34 లక్షలు ఉంటుంది. అక్కడి నుంచి 108 నెలల్లో తీరిపోతుంది. మొత్తం 11 ఏళ్లే, అదనపు వడ్డీ సుమారు 1.95 లక్షలు. గడువు పెంచడంలో అసలు ఖర్చును తేల్చేది మీరు పాత ఈఎంఐకి ఎప్పుడు తిరిగి వెళ్తారన్నదే. లేఖలోనే ఆ మాట రాయించుకోవాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

సొంత అవసరానికి తీసుకున్న ఫ్లోటింగ్ వడ్డీ గృహరుణానికి ముందస్తు చెల్లింపు మీద జరిమానా వేయడానికి వీల్లేదని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. బ్యాంకు ఈఎంఐ పెంచడానికి ఆలస్యం చేసినా, చేతిలో ఉన్నప్పుడు 6,060 అదనంగా అసలుకు జమ చేయవచ్చు. అలా కట్టేటప్పుడు "గడువు తగ్గించండి, ఈఎంఐ తగ్గించవద్దు" అని రాసి ఇవ్వాలి. లేకపోతే కొన్ని చోట్ల ఈఎంఐ తగ్గించి గడువు అలాగే ఉంచేస్తారు. ఫిక్స్‌డ్ వడ్డీ అప్పులకు ఈ రక్షణ లేదు, జరిమానా ఉందో లేదో ఒప్పందంలో చూసుకోవాలి.

దీనికున్న చేదు వైపు

రిజర్వ్ బ్యాంకు నిబంధనల్లో, అప్పు తీసుకున్నవాళ్ల ఆర్థిక ఇబ్బంది కారణంగా చెల్లింపు గడువు మార్చడం రీస్ట్రక్చరింగ్ కిందికి వస్తుంది. అలా మార్చినప్పుడు సక్రమంగా నడుస్తున్న ఖాతాను కూడా సాధారణంగా సబ్‌స్టాండర్డ్‌గా, అంటే ఎన్‌పీఏ అనే మొండి బాకీగా చూపించాలి. కోవిడ్ సమయంలో 2020, 2021లలో ఇచ్చిన ప్రత్యేక వెసులుబాటు ఇప్పుడు లేదు. సిబిల్ రిపోర్టులో రీస్ట్రక్చర్డ్ అన్న గుర్తు పడితే తర్వాత కొన్నేళ్ల పాటు కొత్త అప్పులు దొరకడం కష్టమవుతుంది. బ్యాంకులు గడువు పెంచడానికి వెనకాడటానికి కూడా ఇదే ముఖ్య కారణం, అప్పు రాకపోతే అని ముందే పక్కన పెట్టాల్సిన కేటాయింపు వాళ్ల లెక్కల్లో మీ ఖాతా మీద పెరుగుతుంది.

మీ మార్పును ఏ వర్గం కింద చూపాలన్నది బ్యాంకు నిర్ణయం. మీరు చేయగలిగింది, సంతకం పెట్టేముందు "ఈ మార్పును మీరు ఎలా వర్గీకరిస్తారు, క్రెడిట్ బ్యూరోకు ఏమని పంపుతారు" అని రాతపూర్వకంగా అడగడం. ఆదాయం తగ్గిన సంగతి దాచి, వేరే కారణం చెప్పి గడువు పెంచుకోమని కొందరు సలహా ఇస్తారు. ఆ దారిలో వెళ్లవద్దు. పే స్లిప్పులు అడగగానే అసలు విషయం బయటపడుతుంది, అప్పుడు మిగతా కాగితాలను కూడా అనుమానంగా చూస్తారు.

ఆ గుర్తు పడుతుందని భయపడి లేఖే రాయకుండా ఉండిపోవడం మాత్రం అంతకంటే చెడ్డది. వాయిదా 90 రోజులు దాటి బకాయి పడితే ఎలాగూ ఎన్‌పీఏ అవుతుంది. దానితోపాటు తాకట్టు ఇంటిని బ్యాంకు స్వాధీనం చేసుకోవడానికి వీలిచ్చే సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు వచ్చే దారి కూడా తెరుచుకుంటుంది.

వడ్డీ మాత్రమే కట్టడం, కొన్ని నెలలు ఆపడం

ఇవి ఇంకా ఉద్యోగం దొరకనివాళ్ల కోసం. పై కుటుంబంలోనే ఆయనకు కొత్త ఉద్యోగం రాలేదనుకుందాం. ఆవిడ జీతం 18,000, ఖర్చు 36,000. కంపెనీ లెక్క తేల్చి ఇచ్చిన 3 లక్షలు చేతిలో ఉన్నాయి. పాత ఈఎంఐ కడితే నెలకు 48,402 తరుగు, డబ్బు 6 నెలలకు అయిపోతుంది. గడువు 15 ఏళ్లకు పెంచుకున్నా 7 నెలలే వస్తుంది. అంటే అంత పెద్ద మార్పుకు, సిబిల్ మీద మచ్చకు దొరికేది ఒక్క నెల. అదే ఆరు నెలల పాటు నెలకు 18,000 వడ్డీ మాత్రమే కడితే, ఆ ఆరు నెలలు గడిచాక కూడా చేతిలో 84,000 మిగిలి ఉంటుంది. పాత ఈఎంఐ కట్టి ఉంటే అప్పటికి దాదాపు పది వేలే మిగిలేవి. అసలు పెరగదు కాబట్టి అదనపు వడ్డీ 1.08 లక్షలతో ఆగుతుంది.

ఆరు నెలలు ఏమీ కట్టకపోతే వడ్డీ అసలులో కలిసి 24 లక్షలు 25.10 లక్షలవుతుంది. తర్వాత పాత ఈఎంఐయే కట్టుకుంటూ పోతే ఆపిన ఆరు నెలలు కాక ఇంకో తొమ్మిది నెలలు పైగా పొడుగుతుంది, అదనపు వడ్డీ సుమారు 2.80 లక్షలు. వడ్డీ కూడా కట్టలేని స్థితిలో మాత్రమే ఇది అడగాలి. బ్యాంకు ఒప్పుకోకుండా మీరే ఆపేయడం వేరే సంగతి, దాన్ని వాయిదా ఎగ్గొట్టడం కిందే చూస్తారు. వడ్డీ మాత్రమే కట్టే వెసులుబాటుకు కూడా పైన చెప్పిన వర్గీకరణ ప్రశ్న వర్తిస్తుంది, అది అడగడం మరవద్దు.

చేతిలోని 3 లక్షలను అసలుకు కట్టేసి ఈఎంఐ తగ్గించుకుందామని చాలామందికి అనిపిస్తుంది. 21 లక్షలకు 10 ఏళ్ల ఈఎంఐ 26,602 వస్తుంది. తగ్గేది 3,800, పోయేది ఇంట్లో ఉన్న డబ్బంతా. ఉద్యోగం లేనప్పుడు ఇది చేయకండి. బ్యాంకుకు కట్టిన డబ్బు అవసరం వచ్చినప్పుడు వెనక్కి రాదు.

వేరే బ్యాంకుకు మార్చుకోవడం

ఒక్క బౌన్సూ లేకుండా ఉండి, కొత్త ఉద్యోగంలో కొన్ని నెలల పే స్లిప్పులు వచ్చినవాళ్లు దీన్ని గట్టిగా ఆలోచించాలి. ఇద్దరి రాబడి 62,000 మీద 24,342 ఈఎంఐ అంటే 39 శాతం. కొత్త బ్యాంకు 15 ఏళ్లకు అప్పు తీసుకుంటే అది కొత్త రుణం అవుతుంది, రీస్ట్రక్చరింగ్ మాట రాదు. ప్రాసెసింగ్, లీగల్, వాల్యుయేషన్ ఫీజులు, దస్తావేజుల తాకట్టు రిజిస్ట్రేషన్ ఖర్చులు ఉంటాయి. ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లకు చాలా చోట్ల తిరస్కరణ వస్తుంది. ఇక ఇప్పటికే వాయిదా బౌన్స్ అయినవాళ్లకు ఈ దారి దాదాపు మూసుకుపోయినట్టే.

కాబట్టి నా సలహా ఇలా ఉంటుంది. ఉద్యోగం ఇంకా దొరకనివాళ్లు ఆరు నెలలు వడ్డీ మాత్రమే కడతామని అడగండి. తక్కువ జీతానికి స్థిరపడి, చరిత్ర శుభ్రంగా ఉన్నవాళ్లు ముందు బ్యాంకు మార్పుకు వీలుందేమో కనుక్కోండి. మూడు నెలల పే స్లిప్పుల కోసం ఆగేలోపు ఈఎంఐ కట్టలేని పరిస్థితి ఉంటే మాత్రం ఆగకుండా గడువు పెంపు లేఖ పెట్టండి. చిన్న వ్యాపారులు జీతానికి బదులు ఏడాది బ్యాంకు స్టేట్‌మెంటు, జీఎస్టీ రిటర్నులు జత చేయాలి. 55 దాటినవాళ్లకు గడువు పెంచే చోటే తక్కువ. వాళ్లు కొడుకునో కూతురినో కో-అప్లికెంట్‌గా చేర్చే వీలుందా అని అడగడం మంచిది.

లేఖ ఇలా రాయండి

గడువు పెంపు ఎంచుకున్న మన కుటుంబం రాసే లేఖ ఇది. తెలుగులోనే ఇవ్వవచ్చు.

> తేదీ: …
>
> బ్రాంచి మేనేజర్ గారికి,
> (బ్యాంకు, బ్రాంచి పేరు)
>
> విషయం: గృహరుణం ఖాతా నంబరు … – ఆదాయం తగ్గినందున చెల్లింపు గడువు 120 నెలల నుంచి 180 నెలలకు పెంచవలసిందిగా మనవి.
>
> అయ్యా,
>
> మీ బ్రాంచిలో నేను, నా భార్య కలిసి గృహరుణం తీసుకున్నాము. ఈ నెల వరకు అన్ని వాయిదాలూ గడువులోగా చెల్లించాము. ఈ రోజుకు మిగిలిన అసలు 24,00,000 రూపాయలు, వడ్డీ 9 శాతం, ఈఎంఐ 30,402 రూపాయలు.
>
> … తేదీన నా పాత ఉద్యోగం పోయింది. … తేదీన మరో సంస్థలో చేరాను. నా నెల జీతం 68,000 నుంచి 44,000 రూపాయలకు తగ్గింది. నా భార్య జీతం 18,000తో కలిపి మా రాబడి 62,000 రూపాయలు. ఇంటి ఖర్చులు 36,000 పోగా, అత్యవసరానికి 1,500 ఉంచుకుని, నెలకు 24,500 రూపాయల వరకు తప్పకుండా చెల్లించగలము.
>
> మిగిలిన గడువును 180 నెలలకు పెంచితే ప్రస్తుత వడ్డీ మీద ఈఎంఐ 24,342 రూపాయలు అవుతుందని లెక్క వేసుకున్నాము. అప్పటికి నా వయసు 58 ఏళ్లు. దీనివల్ల మొత్తం వడ్డీ సుమారు 7,33,000 రూపాయలు పెరుగుతుందని మాకు తెలుసు. … నెల వాయిదా నుంచి ఈ మార్పు అమలు చేయవలసిందిగా కోరుతున్నాము.
>
> మా ఆదాయం మెరుగుపడినప్పుడు ఈఎంఐని తిరిగి 30,402 రూపాయలకు పెంచుకునే వీలును, అదనంగా కట్టిన మొత్తాలతో గడువు తగ్గించే వీలును మంజూరు పత్రంలో చేర్చగలరు.
>
> ఈ మార్పును మీరు ఏ వర్గం కింద చూపుతారో, క్రెడిట్ బ్యూరోలకు ఏమని తెలియజేస్తారో, దీనికి అయ్యే రుసుములు ఎంతో మా సంతకానికి ముందే రాతపూర్వకంగా తెలియజేయగలరు.
>
> జతపరచినవి: పాత సంస్థ రిలీవింగ్ లెటర్, కొత్త నియామక పత్రం, ఇద్దరి పే స్లిప్పులు, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, లెక్క పట్టిక.
>
> ఇట్లు,
> (రుణగ్రహీత, సహ రుణగ్రహీత సంతకాలు, ఫోన్ నంబరు)

మొత్తం వడ్డీ ఎంత పెరుగుతుందో మనమే రాయడం కొందరికి వింతగా అనిపించవచ్చు. బ్యాంకుకు తర్వాత వచ్చే గొడవల్లో ఎక్కువ భాగం "ఇంత వడ్డీ పడుతుందని మాకు చెప్పలేదు" అన్నదే. ఆ వాక్యం చూస్తే మీరు లెక్క తెలిసే అడుగుతున్నారని వాళ్లకు అర్థమవుతుంది.

లేఖను వాయిదా తేదీకి కనీసం రెండు మూడు వారాల ముందు ఇవ్వండి. రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద తేదీతో బ్యాంకు ముద్ర వేయించుకోండి, ఈమెయిల్ కూడా పంపండి. జవాబు వచ్చేదాకా పాత ఈఎంఐ కట్టాల్సిందే. లేఖ ఇచ్చాం కదా అని ఆపితే ఆ బౌన్స్ మీ మీదే పడుతుంది. అధికారిక ఫిర్యాదు ఇచ్చి 30 రోజులైనా జవాబు రాకపోతే cms.rbi.org.in లో ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. జవాబివ్వకపోవడం మీద అక్కడ ఫిర్యాదు చెల్లుతుంది. గడువు పెంచడం, పెంచకపోవడం మాత్రం బ్యాంకు వ్యాపార నిర్ణయం, దాన్ని అంబుడ్స్‌మన్ చేత చేయించలేరు.

బ్యాంకు ఒప్పుకున్నాక

కొత్త చెల్లింపు పట్టిక అడిగి తీసుకోండి. మొదటి నెల వరసలో వడ్డీ 18,000, అసలు 6,342 ఉండాలి. అంతకంటే వడ్డీ ఎక్కువగా కనిపిస్తే రుసుములో, పాత బకాయో అసలులో కలిపారని అర్థం, అక్కడే అడగండి. మీ జీతం ఖాతా నుంచి ఈఎంఐ లాగే నాచ్ మాండేట్‌కు ముగింపు తేదీ ఉంటే అది పాత గడువు ప్రకారమే ఉంటుంది, కొత్తది సంతకం చేసి ఇవ్వాలి. ఖాతా మారినవాళ్లయితే ఇది మొదటి నెలలోనే దెబ్బ కొడుతుంది.

అప్పుతోపాటు తీసుకున్న బీమా కూడా చూసుకోవాలి. చాలా లోన్ బీమాల్లో కవరేజీ పాత పట్టిక ప్రకారం ఏటా తగ్గుతూ, పాత గడువుతో ముగుస్తుంది. గడువు 180 నెలలైతే చివరి ఐదేళ్లు అప్పు ఉంటుంది, బీమా ఉండదు. అంతకుముందు ఏళ్లలో కూడా బీమా మొత్తం బకాయి కంటే తక్కువగా ఉంటుంది. అయిదేళ్లు గడిచేసరికి పాత పట్టికలో అసలు 14.6 లక్షలకు దిగుతుంది, కొత్త పట్టికలో ఇంకా 19.2 లక్షలు ఉంటుంది. మధ్యలో ఉన్న ఆ 4.6 లక్షలకు విడిగా టర్మ్ పాలసీ తీసుకోవాలో లేదో ఇప్పుడే బీమా కంపెనీని అడిగి తేల్చుకోండి.